నలుగురిలో అనకండి అత్తమ్మా: ఆ మాట మెసేజ్‌లో ఎలా రాయాలి?

ప్రశ్న: మాది విజయనగరం. పాపకి 14 నెలలు, బరువు 8.8 కిలోలు. అత్తమ్మ వాళ్లది చీపురుపల్లి దగ్గర పల్లె. ఇంటికి వచ్చినప్పుడూ, రోజూ వీడియో కాల్‌లోనూ నా పెంపకంలో ఏదో ఒక తప్పు పడతారు. మొన్న సిరిమానుకి చుట్టాలంతా మా ఇంట్లో ఉండగా "గుంట ఎండిపోయినాది, తల్లికి సూసుకోడం రాదు" అనేశారు. ఎదురు చెప్పలేక ఆ రాత్రి వాట్సాప్‌లో ఇలా రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు: "అత్తయ్యగారూ, మీరెప్పుడూ నన్ను తక్కువ చేసే మాట్లాడతారు. పాపని ఎలా పెంచాలో నాకు తెలుసు, డాక్టర్ కూడా బాగుందనే చెప్పారు. మీ కాలం వేరు, ఇప్పుడు వేరు. ఇకపై పాప విషయంలో జోక్యం చేసుకోకండి." పంపమంటారా? ఆవిడ మనసు నొప్పించకుండా చెప్పే దారి ఉందా?
— ఒక కోడలు

జవాబు: ఆ నాలుగు వాక్యాలూ పంపకండి. మీ బాధ అబద్ధమని కాదు. మీరు ఆపాలనుకున్నది నలుగురిలో పడే ఒక్క మాటని. ఆ మాట గురించి ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడా లేదు. చదివాక అత్తమ్మకి తాను ఏం మానుకోవాలో తెలియదు. కోడలికి తానంటే గిట్టదని మాత్రం తెలుస్తుంది.

మెసేజ్ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. పాప తల్లీబిడ్డల రక్షణ కార్డు బయటకు తీయండి. అందులో వయసుకి తగ్గ బరువు చూపించే గీతల పటం ఉంటుంది. 14 నెలల ఆడపిల్లకి మధ్య గీత సుమారు 9.4 కిలోల దగ్గర, ఆకుపచ్చ పట్టీ కింది అంచు సుమారు 7.4 కిలోల దగ్గర ఉంటాయి. మీ పాప 8.8, అంటే మామూలు బరువని చెప్పే ఆకుపచ్చలోనే ఉంది. కానీ ఒక్క నెల తూకం చూసి నిశ్చింతగా ఉండకండి. వెనకటి మూడు నాలుగు నెలల చుక్కలు కలిపి చూడండి. గీత మెల్లగానైనా పైకి పోతుంటే సరే. రెండు నెలలుగా కదలకపోయినా, కిందికి వంగినా ముందు పిల్లల డాక్టర్ దగ్గరకి వెళ్లండి, మెసేజ్ సంగతి తర్వాత. ఆవిడ అన్న తీరు తప్పే కావచ్చు, అన్న విషయంలో నిజం ఉందో లేదో చూసుకోకుండా హద్దు గీస్తే ఆ హద్దు రేపు మిమ్మల్నే ఇబ్బంది పెడుతుంది.

ఆవిడ కంటికి పాప ఎండిపోయినట్టు కనబడటానికి కారణం కూడా ఉంది. పుట్టినప్పటి బరువుకి పిల్లలు ఏడాదికి సుమారు మూడింతలవుతారు. రెండో ఏడాది మొత్తానికి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పైగా నడక వస్తుంది, బుగ్గలు తగ్గుతాయి, ఆకలి కూడా మునుపంత ఉండదు. ఆరో నెలలో బొద్దుగా ఎత్తుకున్న పిల్లని అప్పుడప్పుడే నేరుగా చూసే నాయనమ్మకి ఇది చిక్కిపోవడంలాగే అనిపిస్తుంది. కాబట్టి ఆవిడ మాటలో రెండు పొరలున్నాయి. "గుంట ఎండిపోయినాది" అన్నది దిగులు. "తల్లికి సూసుకోడం రాదు" అన్నది నింద. మీ మెసేజ్ మొదటిదానికి చోటివ్వాలి, రెండోదాన్ని ఆపాలి. రెండింటినీ ఒకే దెబ్బకి కొట్టేస్తే ఆవిడకి మిగిలేది కోపమే.

ఇప్పుడు మీరు రాసిన వాక్యాలు ఒక్కొక్కటే చూద్దాం.

"మీరెప్పుడూ" అన్న మాటతోనే పని చెడుతుంది. "ఎప్పుడూ" అనగానే ఆవిడ అలా కాని రోజులు లెక్క తీస్తారు. మీ బాలింతప్పుడు పత్యం వండి పెట్టింది, పాపని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది, రాత్రిళ్లు ఉయ్యాల ఊపింది, అన్నీ వస్తాయి. అవి నిజం కూడా. ఆ లెక్కలో మీరు ఓడిపోతారు, సిరిమాను రోజు మాట పక్కకి పోతుంది. అందుకే ఒక్క రోజు, ఒక్క మాట, ఆవిడ అన్నది అన్నట్టే రాయండి. జరిగినదాన్ని ఎవరూ కాదనలేరు.

"డాక్టర్ కూడా బాగుందనే చెప్పారు" అన్నది నిజమే అయినా ఇక్కడ పనికిరాదు. ఆవిడ డాక్టర్‌తో పోటీకి రాలేదు. డాక్టర్ మాట అడ్డం పెట్టి నోరు మూయించినట్టుంటుంది. అదే విషయం కార్డు పక్కన పెట్టుకుని ఇద్దరూ చూస్తే వాదన కాదు, చూపించడం అవుతుంది.

"మీ కాలం వేరు" అన్న వాక్యం మీకు చిన్నదిగా కనబడుతుంది, నాలుగింటిలో ఎక్కువ గుచ్చుకునేది అదే. ఊళ్లో ఆవిడ వయసు ఆడవాళ్లకి పిల్లల్ని బతికించి, పెంచి, పెద్ద చేయడమే చెప్పుకునే పని. దాన్ని ఒక్క వాక్యంతో కొట్టేసినట్టవుతుంది. "నా పిల్లల్ని నాను పెంచుకోలేదేటి?" అన్న జవాబు వెంటనే వస్తుంది. ఆవిడ పెంచిన వాళ్లలో ఒకరు మీ భర్తే కదా, ఆయన కూడా ఇరుకున పడతారు.

ఇక "జోక్యం" ఇంట్లో మాట కాదు, నోటీసులో మాట. "అత్తయ్యగారూ" అన్న పిలుపూ అంతే. మీ ఉత్తరంలో ఆవిడని అత్తమ్మ అనే అంటున్నారు, నోటితోనూ అలాగే పిలుస్తుంటారు. మెసేజ్‌లో ఉన్నట్టుండి గారు చేరిస్తే గౌరవం పెరగదు, దూరం పెరుగుతుంది. రోజూ ఎలా పిలుస్తారో అలాగే రాయండి.

మెసేజ్ ఇలా ఉండొచ్చు. మీ ఇంటికి సరిపడేలా మాటలు మార్చుకోండి, వరస మాత్రం మార్చకండి.

"అత్తమ్మా, మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. ఎదురుగా చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సిరిమాను రోజు అందరూ ఉండగా 'గుంట ఎండిపోయినాది, తల్లికి సూసుకోడం రాదు' అన్నారు. ఆ మాటకి నాకు చాలా కష్టమేసింది.

పాప తిండి గురించి మీకు దిగులని నాకు తెలుసు. ఆ దిగులు నాతో చెప్పండి, మనిద్దరం ఉన్నప్పుడు. నేను వింటాను. నలుగురిలో మాత్రం నా పెంపకం గురించి అనకండి అత్తమ్మా.

వచ్చే నెల అంగన్‌వాడీలో పాపకి తూకం వేస్తారు. మీరూ రండి, కార్డు ఇద్దరం కలిసి చూద్దాం. వచ్చేటప్పుడు మీరు చేసే చోడిపిండి తెండి, ఇంట్లో అయిపోయింది."

ఇందులో అడిగింది ఒక్కటే: నలుగురిలో అనకండి. ఫోన్ చూపిస్తూ తినిపించడం, డైపర్లు, కాటుక, నిద్ర వేళలు, ఇవేవీ ఇక్కడికి తేకండి. మీ మనసులో పది ఉండొచ్చు. పది రాస్తే ఆవిడ వాటిలో బలహీనమైనది ఒకటి పట్టుకుని దాని మీదే మాట్లాడతారు. మిగతావి నోటితో, ఒక్కోసారి ఒక్కటి చెప్పుకోవచ్చు.

చివర "తప్పుగా రాస్తే క్షమించండి" అని చేర్చాలనిపిస్తుంది, పెద్దవాళ్లకి రాసేటప్పుడు మనకి అది అలవాటు. ఇక్కడ వద్దు. "సరేలే, క్షమించాను" అనేస్తే అడిగిన మాట అక్కడితో ముగిసిపోతుంది. గౌరవం పిలుపులో, మోకాళ్ల నొప్పి అడగడంలో, "నేను వింటాను" అనడంలో ఉంది, అది చాలు. అలాగే "ఇంకోసారి అంటే పాపని పంపను" అన్న బెదిరింపు కూడా రాయకండి. మళ్లీ అంటే మీరు ఏం చేస్తారన్నది మీకు, మీ భర్తకి తెలిస్తే చాలు. దాని సంగతి కిందికి వస్తుంది.

చోడిపిండి మాట మంచి చేసుకోవడానికి పెట్టింది కాదు. పాప నిజంగా చోడిజావ తింటుంటేనే రాయండి, లేకపోతే ఆవిడ చేతిది ఇంకేది ఇష్టంగా తింటుందో అది రాయండి. తిండి గురించి దిగులున్న మనిషికి తిండిలోనే ఒక పని అప్పజెప్పడం అది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. జావ నీళ్లలా కాస్తే పొట్ట నిండుతుంది, బలం రాదు. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి, పైన కాస్త నెయ్యి పడాలి. ఈ వయసులో పూటకి 250 మిల్లీలీటర్ల గిన్నెలో ముప్పావు నుంచి నిండా, రోజుకి మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి, వీటితో పాటు తల్లిపాలు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దవాళ్ల పని, ఎంత తినాలి అన్నది పాప పని. బలవంతంగా నోట్లో కుక్కితే రెండు మూడు రోజుల్లో గిన్నె చూడగానే మొహం తిప్పుకోవడం మొదలవుతుంది. ఇది అత్తమ్మకి మెసేజ్‌లో రాయాల్సింది కాదు. ఆవిడ తినిపిస్తుండగా పక్కన కూర్చుని, "మొహం తిప్పేసింది అత్తమ్మా, పొట్ట నిండినట్టుంది" అంటే సరిపోతుంది.

తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే ఆవిడ చదువుకోలేక ఫోన్ ఆడపడుచు కొడుకు చేతికో, పక్కింటి అమ్మాయి చేతికో ఇస్తారు. అప్పుడు మీ మాటకి వాళ్ల గొంతు వస్తుంది. తెలుగులో రాసినా ఇంకొకరు చదివే అవకాశం ఉంటుంది కాబట్టి, వీధి అరుగు మీద పైకి చదివినా మీరు తలెత్తుకునేలా ఉందా అని ఒకసారి మీరే పైకి చదివి చూసుకోండి. ఆవిడకి చదవడం కష్టమైతే ఇవే మాటలు నిమిషంలోపు వాయిస్ మెసేజ్‌గా పంపండి, గొంతు నిమ్మళంగా ఉన్న పూటే. కుటుంబం గ్రూపులో మాత్రం వద్దు. నలుగురిలో అనకండి అని నలుగురిలో చెప్పినట్టవుతుంది.

వాట్సాప్ పెట్టెలో టైప్ చేయకండి, చెయ్యి జారితే వెళ్లిపోతుంది. పంపాక చెరిపేసినా, మెసేజ్ తీసేశారన్న గుర్తు అక్కడ కనబడుతుంది. ఏం రాసి తీసేసిందో అని ఆవిడ ఊహించుకునేది మీరు రాసినదానికన్నా ఘోరంగా ఉంటుంది. నోట్స్‌లో రాసుకుని, ఒక రాత్రి గడిచాక చదివి, అప్పుడు అతికించండి. పంపే వేళ పొద్దుట పది, పదకొండు మధ్య బాగుంటుంది, ఇంటి పని కాస్త తెరిపిన పడ్డాక. రాత్రి వద్దు. రాత్రి వచ్చిన మెసేజ్‌తో ఆవిడ తెల్లార్లూ ఒక్కరే ఉండాలి.

ఇక మీ భర్త. ఈ మొత్తంలో ఎక్కువ ఇళ్లలో పని చెడేది ఇక్కడే. మెసేజ్ అందిన గంటలో అత్తమ్మ మీకు కాదు, కొడుక్కి ఫోన్ చేస్తారు. ఆయన "నాకు తెలీదమ్మా, తనే పంపింది" అంటే అక్కడితో అయిపోయింది. ఆవిడ దృష్టిలో అది కోడలి పొగరు అవుతుంది, కొడుకు తన వైపే ఉన్నట్టవుతుంది. అందుకని పంపే ముందు ఆయన పూర్తిగా చదవాలి, నచ్చని మాట ఉంటే అప్పుడే మార్పించాలి. ఫోన్ వస్తే ఏమనాలో కూడా ముందే అనుకోండి: "పంపే ముందు నేను చదివానమ్మా. నా మాట కూడా అదే." "తను చాలా బాధపడుతోందమ్మా, కొంచెం చూసుకో" అని మాత్రం అనకూడదు. అది మీ తరఫున పిటిషన్ పెట్టినట్టుంటుంది. ఆయన ఈ రెండు వాక్యాలూ అనలేనంటే మెసేజ్ ఇప్పుడు పంపకండి. ముందు మాట తేలాల్సింది మీ ఇద్దరి మధ్య.

పంపాక ఏం జరగొచ్చు? ఎక్కువగా వచ్చేది మౌనం. నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. "చూశారా అత్తమ్మా?" అని అడగకండి, వివరణగా రెండో మెసేజ్ అసలే పెట్టకండి. రెండోది పెడితే మొదటిదాంట్లో మీకే నమ్మకం లేదని అర్థమవుతుంది. రోజూ చేసే వేళకే వీడియో కాల్ చేసి పాపని చూపించండి. ఇది చాలా ముఖ్యం. కాల్ ఆగితే, మనవరాలిని అడ్డం పెట్టుకుని శిక్షిస్తోందని ఆవిడ అనుకుంటారు, ఆ అనుకోవడంలో న్యాయం ఉంటుంది. వాట్సాప్ స్టేటస్‌లో కోడళ్ల మీద ఏవో సూక్తులు కనబడినా చూసి వదిలేయండి, దానికి జవాబు మీరూ స్టేటస్‌లో పెట్టకండి.

ఫోన్ చేసి "ఏటమ్మా, పెద్దదాన్ని ఒక మాట అనకూడదేటి?" అని నిలదీస్తే ఇలా అనండి: "అనొచ్చత్తమ్మా. నాతో అనండి. నలుగురిలో వద్దనే అడిగాను." ఆవిడ పాత విషయాలు తవ్వుతారు, పెళ్లినాటి ముచ్చట కూడా రావచ్చు. దేనికీ జవాబు చెప్పకండి, ఇదే వాక్యం ఇంకోసారి అనండి. మూడోసారి అవసరమైతే "పాప లేచింది, సాయంత్రం చేస్తాను" అని పెట్టేయండి. పాప నిజంగా లేస్తేనే ఆ మాట. లేకపోతే "ఇప్పుడు ఇంక మాట్లాడలేనత్తమ్మా, సాయంత్రం చేస్తాను" అనండి. సాయంత్రం తప్పకుండా చేయండి.

ఆవిడ "సరేలే" అన్నా, ముప్పై ఏళ్ల అలవాటు ఒక్క మెసేజ్‌తో పోదు. మళ్లీ ఒకసారి జారుతుంది, అది చుట్టాల ముందే జారుతుంది. మెసేజ్ అడగడం మాత్రమే చేసింది. హద్దు అనేది అప్పుడు మీరు చేసే పనిలో ఉంటుంది. ఆ మాట పడగానే మామూలు గొంతుతో "అత్తమ్మా, ఇది మనిద్దరం మాట్లాడుకుందాం" అని పాపని ఎత్తుకుని వేరే గదిలోకి వెళ్లండి. పది నిమిషాల తర్వాత రండి, మొహం ముడుచుకోకుండా అందరికీ టీ ఇవ్వండి. అదే రోజు, చుట్టాలు సర్దుకున్నాక, ఆవిడ దగ్గర కూర్చుని "ఇందాక పాప గురించి ఏదో అన్నారు, చెప్పండి" అని అడగండి. ఈ చివరి అడుగు వదిలేస్తే మొత్తం కూలిపోతుంది. "నాతో చెప్పండి, వింటాను" అని రాసింది మీరే. వినకపోతే ఆవిడకి మళ్లీ నలుగురే దిక్కు.

వింటున్నప్పుడు ఒప్పుకోగలిగినవి ఒప్పుకోండి. అన్నంలో పప్పు చిక్కగా కలపమనడం, నెయ్యి పెంచమనడం లాంటివి మంచి మాటలే. ఒప్పుకోకూడనివి కొన్ని ఉన్నాయి. ముక్కులో నూనె చుక్కలు, పడుకోబెట్టి నోట్లో జావ పోయడం, వేరుశనగ గింజలు అలాగే నోట్లో పెట్టడం, ఇవి ఊపిరికి అడ్డం పడే పనులు. అక్కడ బేరం లేదు, నోటితో వెంటనే "వద్దత్తమ్మా, ఊపిరాడదు" అని చెయ్యి అడ్డం పెట్టండి. దానికి మెసేజ్, సమయం, సందర్భం ఏవీ చూడక్కర్లేదు.

ఫలితం రెండు మూడు నెలలు పోయాక చూడండి. ఆవిడ అభిప్రాయం మారిందా అని చూడకండి, అది మారకపోవచ్చు. నలుగురిలో అనడం తగ్గిందా, మీ దగ్గరకి వచ్చి చెప్పడం మొదలైందా, ఈ రెండే చూడండి. ఏమీ తగ్గకపోతే ఇంకో మెసేజ్ రాయకండి. ఈసారి మీ భర్త ఊరెళ్లి, తల్లి దగ్గర కూర్చుని, మీరు లేకుండా మాట్లాడాలి.

అత్తమ్మ మీ ఇంట్లోనే ఉంటే ఈ సలహా ఇలా ఉండేది కాదు. ఒకే కప్పు కింద ఉంటూ పక్క గదికి మెసేజ్ పంపితే అది అవమానంగా తగులుతుంది, అక్కడ నోటి మాటే దారి. అలాగే ఈ మాటల వెనక ఆడపిల్ల పుట్టిందన్న ఎత్తిపొడుపో, కట్నం మాటో, చెయ్యి చేసుకోవడమో ఉంటే ఇది పెంపకం గొడవ కాదు. అప్పుడు 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. మాటలతో హింసించడం కూడా 2005 గృహ హింస చట్టం కిందికి వస్తుంది. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు కాబట్టి మెసేజ్ సరిపోతుందనే మా నమ్మకం.

మీకు ముందున్న అసలు పరీక్ష సంక్రాంతి. భోగి సాయంత్రం పాపకి భోగిపళ్లు పోస్తారు, సిరిమాను నాటి చుట్టాలే మళ్లీ ఒకచోట చేరతారు, పాపని మధ్యలో కూర్చోబెట్టి అందరూ చూస్తారు. ఒళ్లు గురించి మాట రావడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ముందు రోజే మీ భర్త తల్లికి ఫోన్ చేసి "అమ్మా, మొదటి దోసిలి నువ్వే పొయ్యాలి, పెందలాడే వచ్చెయ్యి" అని పిలవాలి. పాప కార్డు బీరువాలో కాకుండా చేతికందేలా, దేవుడి గూటి దగ్గర పెట్టుకోండి. చుట్టాల్లో ఎవరైనా "పిల్ల చిక్కిందేటి?" అంటే మీరు తొందరపడి జవాబు చెప్పకండి, ఒక్క క్షణం అత్తమ్మ వైపు చూడండి. అప్పటికి అంగన్‌వాడీలో తూకం ఆవిడ కళ్లతో చూసి ఉంటే, ఆ జవాబు ఆవిడే చెప్పొచ్చు.